బిఫోర్ ఫొటోలో ఉన్నది ఎవరి ముఖం?

"రంగు – వర్ణం" వరుసలో ఇది 6వ భాగం. పోయిన భాగంలో పెండ్లి ప్రకటనల్లో కనిపించే "ఫెయిర్", "చామనచాయ" అనే మాటల గురించి రాశాను. సంబంధం కుదిరి లగ్గం పెట్టుకున్నాక ఆ రంగు లెక్క ఎక్కడికి పోతుందని కొందరు విద్యార్థులు అడిగారు. అది ఎక్కడికీ పోదు, పార్లర్‌కు వస్తుంది. అందుకే ఈసారి ఒక మేకప్ పోస్టు గురించి రాస్తున్నాను.

మంథనిలో, మా చుట్టుపక్కల ఊర్లలో లగ్గాల సీజన్ ముందర అందరి ఫోన్లలో తిరిగే పోస్టే ఇది. ఎడమ పక్కన "బిఫోర్", కుడి పక్కన "ఆఫ్టర్". కింద ఇట్లా ఉంటుంది: "వైశాఖం, జ్యేష్ఠం బుకింగ్స్ ఓపెన్. బ్రైడల్ హెచ్‌డి మేకప్, హెయిర్ స్టైల్, శారీ డ్రేపింగ్. మంథని, కాటారం, ముత్తారం, గోదావరిఖని ఎక్కడికైనా వస్తాం. కొన్ని డేట్స్ మాత్రమే ఉన్నాయి."

ఈ పోస్టు పెట్టిన అమ్మాయి నా దగ్గర డిగ్రీ చదువుకుంది. మాదిగ కుటుంబం. కరీంనగర్‌లో మూడు నెలలు కోర్సు నేర్చుకుని, మహిళా సంఘంలో అప్పు తీసుకుని కిట్టు కొనుక్కుంది. పోస్టులో ఉన్న పెండ్లిపిల్ల కూడా మన వాడ పిల్లే, సింగరేణిలో కాంట్రాక్టు పని చేసే ఒకాయన బిడ్డ. ఇద్దరి పేర్లూ రాయను. ఇద్దరూ ఒప్పుకున్నాకే ఈ సంగతి రాస్తున్నాను.

పోస్టు పెట్టిన రోజే రెండు వందల లైకులు వచ్చాయి. "మ్యాజిక్ అక్కా" అన్నారు, "ఆ నల్లపిల్లనేనా ఈమె?" అని నవ్వు బొమ్మలు పెట్టారు. మూడో రోజు పెండ్లిపిల్ల ఫోన్ చేసి "అక్కా, బిఫోర్ తీసెయ్యి" అని అడిగింది. ఈమె వెంటనే తీసేసింది. కానీ అప్పటికే ఆ ఫొటో అత్తగారి తరఫు వాట్సాప్ గ్రూపుకు చేరింది. పెండ్లయి పది రోజులు కాని పిల్లను "మేకప్ కడిగితే అసలు రంగు తెలిసింది" అన్నారు. ఆ మాట అన్నది మన కులం వాళ్లే. అందుకే దీని గురించి మనలో మనం మాట్లాడుకోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మేకప్ తప్పు కాదు, మేకప్ పని చేసే ఆడపిల్లా తప్పు కాదు. ఆ "బిఫోర్" ఫొటో మాత్రం పెండ్లిపిల్ల ముఖం కాదు. అది తయారు చేసిన ముఖం. దాన్ని ఎట్లా తయారు చేస్తారో తెలిస్తే, మన రంగును లోపంగా చూపించి అమ్ముకునే పద్ధతి ఎక్కడ మొదలవుతుందో కూడా తెలుస్తుంది.

*

బిఫోర్ ఫొటో తీసేది పొద్దున ఐదింటికో నాలుగింటికో. పిల్ల రాత్రంతా నిద్రపోయి ఉండదు. తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, మెడకు తువ్వాల చుట్టుకుని, బొట్టు లేకుండా కూర్చుంటుంది. నెత్తి మీద ఒకటే ట్యూబులైటు. వెలుతురు పైనుంచి పడితే కనుబొమ్మల నీడ కండ్ల కింద పడుతుంది, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. కండ్ల కింద నలుపు ఉన్నదానికి రెండింతలు కనిపిస్తుంది. వెనుక కిటికీయో తెల్లగోడో ఉంటే ఫోన్ ఆ వెలుతురుకు సర్దుకుని ముఖాన్ని ఇంకా చీకటి చేస్తుంది. నవ్వమని ఎవరూ అనరు.

ఆఫ్టర్ ఫొటోకు ముఖానికి ఎదురుగా గుండ్రటి రింగు లైటు పెడతారు. నీడలు చెరిగిపోతాయి. పట్టుచీర, పూలజడ, నగలు వస్తాయి. గదవ కొంచెం కిందికి దించమంటారు, నవ్వమంటారు. దాని మీద ఫోన్‌లోని బ్యూటీ మోడ్ తోలును నున్నగా చేస్తుంది. రెండు ఫొటోల మధ్య తేడాలో మేకప్ వాటా ఎంతో, వెలుతురు వాటా ఎంతో చూసేవాళ్లకు తెలియదు.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ముఖాన్ని వదిలేసి గోడను చూడండి. బిఫోర్‌లో పసుపుగా, మబ్బుగా ఉన్న గోడ ఆఫ్టర్‌లో తెల్లగా ఉంటే, తెల్లబడ్డది గదే. కంటిపాపలో చూడండి, ఆఫ్టర్‌లో చిన్న గుండ్రటి వెలుగు కనిపిస్తుంది, అది రింగు లైటు. చివరగా చెవులు, మెడ, మోచేతులు చూడండి. ముఖం ఒక రంగు, చెవి ఇంకో రంగు ఉంటే ఫౌండేషన్ ఆ పిల్లది కాదు.

*

అసలు సంగతి ఈ ఫౌండేషన్ దగ్గరే ఉంది. నల్లటి ముఖం మీద మేకప్ ఎట్లా వేయాలో నా విద్యార్థి నాకు చేసి చూపించింది. తెలిసినవాళ్లు చేస్తే అది చాలా ఓపికతో చేసే పని.

ముందుగా ముఖం కడిగి మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకేదాకా ఆగాలి. కండ్ల కింద, మూతి చుట్టూ ఉండే ముదురు భాగం మన తోలులో నీలి బూడిద ఛాయలో ఉంటుంది. దాని మీద నేరుగా తెల్లటి కన్సీలర్ వేస్తే ఇంకా బూడిదగా తేలుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్‌ను చాలా పల్చగా అద్దాలి. నారింజ ఆ నీలాన్ని చంపుతుంది. ఆ తర్వాతే ఫౌండేషన్. దాని షేడును చేతి మీద రాసి చూడొద్దు, దవడ ఎముక మీద రాయాలి, పగటి వెలుతురులో చూడాలి. పది నిమిషాలు ఆగాలి, ఎందుకంటే కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక ముదురుతాయి. దవడకూ మెడకూ మధ్య గీత కనిపించకపోతే అదే ఆ పిల్ల షేడు. మన దగ్గర ఇంకో చిక్కుంది. ముందురోజు నలుగు పెడితే పసుపు ఛాయ తోలు మీద నిలుస్తుంది. వారం ముందు చూసిపెట్టిన షేడు లగ్గం పొద్దున సరిపోదు, మళ్లీ చూసుకోవాలి.

మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? పిల్ల తల్లో మేనత్తో "జర తెల్లగ చెయ్యి బిడ్డా" అంటారు. అప్పుడు రెండు మూడు షేడ్లు తెల్లటిది తీస్తారు. లేత షేడుల్లో తెల్లటి రంగుపొడి ఎక్కువ ఉంటుంది. నల్లరాయి మీద సున్నం పల్చగా పూస్తే ఆ రాయి తెల్లగా కాదు, బూడిదగా అవుతుంది. ముఖం మీదా అదే జరుగుతుంది. ఆ బూడిదను కప్పడానికి ఇంకో పొర వేస్తారు. పైన సిలికా ఉన్న సెట్టింగ్ పౌడర్ ఎక్కువ కొడితే, ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వేసినప్పుడు ముఖం పిండి చల్లినట్టు తెల్లగా కొడుతుంది. జ్యేష్ఠంలో రామగుండం పక్కన ఎండ 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. టెంటు కింద, జనం మధ్య, పట్టుచీరలో ఆ పిల్ల నాలుగు గంటలు కూర్చోవాలి. పొరలు ఎక్కువైన చోట చెమట దారి చేసుకుంటుంది. తలంబ్రాల వేళకు మెడ మీద చారలు పడతాయి. పిల్ల సొంత షేడు అయితే చెమట పట్టినా అద్ది సర్దొచ్చు, చార పడ్డా కనిపించదు. తెల్లటి షేడు అయితే ప్రతి చారా లోపలి రంగును బయటపెడుతుంది. ఆ పిల్లను నవ్వులపాలు చేసేది ఆమె రంగు కాదు, ఆమెది కాని ఫౌండేషన్.

"మరి ముదురు షేడ్లు నీ కిట్టులో ఎన్ని ఉన్నాయి?" అని అడిగాను. "రెండు, మేడం. లేతవి ఆరు" అన్నది. దుకాణాల్లో దొరికేవే అవి. ఈ గొడవ మన ఊరిదే కాదు. అమెరికాలో కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉన్న కార్డును పంపేది. వాటిని షర్లీ కార్డులు అనేవారు. ఆమె తోలు సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లజాతి వాళ్ల ముఖాలు ఫొటోలో కండ్లూ పండ్లూ తప్ప కనిపించకపోయినా దశాబ్దాల పాటు దాన్ని లోపంగా ఎవరూ లెక్కపెట్టలేదు. కొలత ఎవరి తోలు మీద పెట్టుకుంటే లోపం ఇంకొకరి తోలులో కనిపిస్తుంది. మన దేశంలో 1975లో వచ్చిన "ఫెయిర్ అండ్ లవ్లీ" 2020లో "గ్లో అండ్ లవ్లీ" అయింది. పేరు మారింది, కిట్టులో లేత షేడ్ల లెక్క మారలేదు.

దీనికన్నా ప్రమాదమైంది లగ్గానికి నెలా రెండు నెలల ముందు మొదలవుతుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి రాత్రిపూట రాసుకుంటారు. మొదటి రెండు వారాలు ముఖం తేటపడ్డట్టే ఉంటుంది. తర్వాత తోలు పల్చబడి, ఎర్రటి సన్నటి నరాలు తేలి, మొటిమలు లేస్తాయి. ఆపేస్తే మంట, ఎరుపు. అట్లాంటి ముఖం మీద ఏ ఫౌండేషనూ నిలవదు. ఎండలో ముఖం మంటపెడుతున్నదని పిల్ల చెప్తే, బుగ్గల మీద నరాలు కనిపిస్తే, మేకప్ అమ్మాయి "ఏ క్రీము రాస్తున్నవు?" అని అడగాలి, చర్మం డాక్టరు దగ్గరికి పంపాలి. నా విద్యార్థి ఇప్పుడు ఆ ప్రశ్న బుకింగ్ నాడే అడుగుతున్నది.

*

ఇక డేట్ల సంగతి. "కొన్ని డేట్స్ మాత్రమే ఉన్నాయి" అనే మాట వెనుక పంచాంగం ఉంది. ఆషాఢంలో లగ్గాలు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు, మూఢం వస్తే అసలే లేవు. మిగిలిన నెలల్లో మంచి ముహూర్తం అన్న రోజున ఊరూరా లగ్గమే. ఒక మనిషి రెండు చేతులతో ఒక పొద్దున ఇద్దరు పెండ్లిపిల్లలకు మించి చేయలేదు. అందుకే ఆ రోజు ధర పెరుగుతుంది, ఫంక్షన్ హాలుకూ, ఫొటోగ్రాఫర్‌కూ, పూలకూ అన్నింటికీ పెరుగుతుంది.

ఆమె లెక్క ఇది. ఒక పెండ్లికి 10,000 రూపాయలు. అడ్వాన్సు 3,000. అందులో సరుకు 2,000, కారు 1,000, వెంట వచ్చే హెల్పర్‌కు 1,000 పోతే మిగిలేది 6,000. పోయిన వైశాఖ జ్యేష్ఠాల్లో ఆమెకు పదకొండు పెండ్లిళ్లు దొరికాయి, అంటే 66,000. తర్వాత ఆషాఢం అంతా కిస్తీలు కట్టుకుంటూ ఖాళీగా కూర్చున్నది. ముహూర్తం లేని ఆదివారం నాడు అంబేద్కర్ ఫొటో ముందు దండలు మార్చుకుంటామని ఒక జంట వస్తే ఆమె 7,000కే చేసింది, ఎందుకంటే ఆ రోజు ఎట్లాగూ ఖాళీనే. ఫూలే 1873లో సత్యశోధక్ సమాజ్ పెట్టి పురోహితుడు లేని పెండ్లిళ్లు చేయించాడు. దాన్ని మనం సిద్ధాంతంగా చదువుతాం. ముహూర్తాన్ని వదిలితే అప్పు ఎంత తగ్గుతుందో ఈ అమ్మాయి పుస్తకంలో రూపాయల్లో కనిపిస్తుంది. వేదపండితుల ఊరని పేరున్న మంథనిలో, మన పెద్దల ఇంటి గడప తొక్కని పంచాంగం కోసం మనం ఎక్కువ ధర ఎందుకు కట్టాలి?

*

ఈ పనికి ఇంకో చరిత్ర ఉంది. మైలపోలు నాడు పిల్లకు గోళ్లు తీయడం, నలుగు పెట్టడం, తానం పోయడం, బట్ట పరచడం ఊర్లో కులవృత్తుల పనులు. మంగలి, చాకలి కుటుంబాలు ఆ పని చేసేవి. దానికి కూలి లేదు, ఏడాదికింత గింజలు, పెండ్లికింత బియ్యం. వాళ్లది వెట్టి. ఆ సేవ కూడా మన వాడకు వచ్చేది కాదు. మన పిల్లలకు మన మేనత్తలే గోళ్లు తీసిండ్రు, మన అక్కలే తానం పోసిండ్రు. ఎవరి ముఖం ఎవరు ముట్టాలనేది కులం చెప్పేది.

ఇప్పుడు మాదిగ ఆడపిల్ల ఒక రేటు చెప్పి, అడ్వాన్సు తీసుకుని, ఏ కులం పెండ్లిపిల్ల ముఖాన్నైనా తన చేతులతో గంటన్నర సేపు ముడుతున్నది. గింజలు అడుక్కోకుండా డేటు ఇస్తున్నది. దీన్ని చిన్నదిగా చూడకండి. అందుకే కులం ఈ పోస్టు దగ్గరికి కూడా వస్తుంది. పోయిన సీజన్లో ఒక ఇంటివాళ్లు అడ్వాన్సు పంపి, ఫోన్లో "ఏ ఊరు బిడ్డా, ఎవరోళ్లు?" అని అడిగారు. చెప్పింది. తెల్లారి "మా చుట్టాలమ్మాయి ఉన్నది, క్యాన్సిల్" అన్నారు. అడ్వాన్సు వాపస్ అడగలేదు, అంత పెద్దమనసు! ఇంకో ఇంట్లో మేకప్ అయిపోయాక ఫొటోగ్రాఫర్‌కు లోపల బంతిలో విస్తరి వేసి, ఈమెకు డబ్బాలో కట్టి ఇచ్చారు.

మిత్రులారా, ఇక్కడ చట్టం తెలిసి ఉండాలి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడం నేరం, అంటే మన పిల్లను పార్లర్‌లోకి రానివ్వకపోవడం. రెండో వైపు కూడా ఉంది. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. కులం చూసి డబ్బులిచ్చి పని చేయించుకునే అవకాశాన్ని నిరాకరించడం దాని నిర్వచనంలోకి వస్తుంది. అదే సవరణ మన పెండ్లి ఊరేగింపును, గుర్రం మీద పెండ్లికొడుకును అడ్డుకోవడాన్ని కూడా నేరాల్లో చేర్చింది. ఇబ్బంది రుజువు దగ్గర వస్తుంది. "చుట్టాలమ్మాయి ఉన్నది" అనే మాటలో కులం పేరు ఉండదు. అందుకే కులం అడిగిన మెసేజ్, ఆ తర్వాత వచ్చిన క్యాన్సిల్ మెసేజ్, తేదీలతో సహా దాచిపెట్టుకోవాలి. ఒక్కటి చాలకపోవచ్చు, రెండు మూడు చేరితే కథ తెలుస్తుంది.

*

మన ఉద్యమంలో కొందరు తమ్ముళ్లు అడుగుతారు: "అక్కా, ఈ అలంకారమంతా మనకెందుకు? సాదాగా ఉంటే పోదా?" సాదాగా ఉండమని ఆడపిల్లలకే చెప్పడం సులువు. 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లతో మాట్లాడినప్పుడు, అంటరానివాళ్లని గుర్తుపట్టే తీరులో చీర కట్టొద్దన్నాడు, గుర్తుగా వేసుకునే మోటు కడియాలు, నగలు తీసెయ్యమన్నాడు, శుభ్రంగా, పరువుగా ఉండమన్నాడు. ఏం కట్టాలో, ఏం పెట్టుకోవాలో కులం నిర్ణయించిన చోట, మంచిగా తయారు కావడం కూడా హక్కే.

అయితే ఆయన తీసెయ్యమన్నది కులం తగిలించిన గుర్తులను. తోలు రంగు అట్లాంటి గుర్తు కాదు. తెలుగులో "వర్ణం" అంటే రంగూ అవుతుంది, చాతుర్వర్ణమూ అవుతుంది. ఆ రెండు అర్థాలు ఒకటేనని నమ్మించడం వాళ్లకు లాభం. 1936లో రాసిన "కులనిర్మూలన"లో బాబాసాహెబ్ ఆ లెక్కను తిప్పికొట్టాడు. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి మూలం వాళ్లని, కులం తోలులోనో నెత్తురులోనో లేదని వాదించాడు. మంథనిలో ఏ వీధిలోకి పోయినా నల్లటి బ్రాహ్మణులు కనిపిస్తారు, ఎర్రటి మాదిగలూ కనిపిస్తారు. అయినా నలుపు అనగానే మన వాడ గుర్తొచ్చేటట్టు, తెలుపు అనగానే పై కులం గుర్తొచ్చేటట్టు మన కండ్లకు అలవాటు చేశారు. బిఫోర్, ఆఫ్టర్ పక్కపక్కన పెట్టినప్పుడు మనమే ఆ అలవాటును ఇంకోసారి దిద్దుతున్నాం. ఎడమ నుంచి కుడికి పోతే పిల్ల అందంగా అయిందని మాత్రమే చూపిస్తలేం, ఒక మెట్టు ఎక్కిందని చూపిస్తున్నాం.

*

నా విద్యార్థి సూటిగా అడిగింది: "మేడం, బిఫోర్ పెట్టకపోతే నా పని ఎట్ల తెలుస్తది? ఫోన్లు రావు." న్యాయమైన ప్రశ్న. కిస్తీ కట్టేది ఆమె, నేను కాదు. ఇద్దరం కూర్చుని కొన్ని నియమాలు రాసుకున్నాం.

పెండ్లిపిల్ల రాతలో ఒప్పుకోకుండా మేకప్ లేని ఫొటో బయటపెట్టదు. ఒప్పుకున్నది తల్లో అన్నో అయితే చాలదు, పిల్లే చెప్పాలి, అదీ మేకప్ మొదలుపెట్టక ముందే. రెండు ఫొటోలూ ఒకే చోట, ఒకే రింగు లైటు ముందు, బ్యూటీ మోడ్ తీసేసి తీస్తుంది. మొదటి ఫొటోలోనూ పిల్ల తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ఇష్టమైతే నవ్వుతూ ఉంటుంది. "బిఫోర్, ఆఫ్టర్" అనే మాటల బదులు "పొద్దున, లగ్గానికి" అని రాస్తుంది. మెడ, చెవి, చెయ్యి కనిపించేటట్టు ఒక ఫొటో తప్పకుండా పెడుతుంది, ఎందుకంటే పనితనం తెలిసేది అక్కడే. రంగు మీద వెక్కిరించే కామెంటు వస్తే తీసేస్తుంది. "తెల్లగ చెయ్యి" అన్నవాళ్లకు దవడ మీద రెండు షేడ్లూ రాసి, పగటి వెలుతురులో పిల్ల చేతికే అద్దం ఇస్తుంది.

ఆ పద్ధతిలో పెట్టిన మొదటి పోస్టుకు లైకులు సగం కూడా రాలేదు. "ఏం తేడా ఉన్నది?" అని ఒకాయన రాశాడు. ఫోన్లు మాత్రం నాలుగు వచ్చాయి, రెండు బుకింగులు అయ్యాయి. రెండూ నల్లటి పిల్లలవే. అందులో ఒకామె "మా అక్క పెండ్లిల ముఖం బూడిద లెక్క చేసిండ్రు అక్కా, నాకు నా రంగుల్నే చెయ్యి" అన్నదట. మూడో ముదురు షేడు కొనడానికి ఆ అడ్వాన్సు సరిపోయింది.

ఈ వ్యాసం చదివే విద్యార్థులకు ఒక పని చెప్తాను. మీ అక్కల, చెల్లెండ్ల లగ్గాలకు మేకప్ బుక్ చేసేటప్పుడు రేటు, డేటు అడిగాక ఇంకో మాట అడగండి: "మా పిల్ల రంగు షేడు మీ దగ్గర ఉన్నదా?" లేదంటే అడ్వాన్సు ఇవ్వకండి. ఈ ప్రశ్న ఒక్క సీజన్లో ఇరవై ఇండ్ల నుంచి పోతే మంథని దుకాణాల్లోకి ఆ షేడ్లు వాటంతట అవే వస్తాయి.

వచ్చే భాగంలో పెండ్లి ఫొటోగ్రాఫర్లు ఆల్బమ్ చేసేటప్పుడు ముఖాలను ఎట్లా తెల్లబరుస్తారో, ఆ పనిలో ఉన్న మన కుర్రాళ్లు ఏమంటున్నారో రాస్తాను.

జై భీమ్.